ఇంట్లో నెట్‌వర్క్ పదేపదే పోతాంది, బిల్లులో తగ్గించమని ఆపరేటర్‌కి లెటర్ ఎట్ల రాయాల?

కొర్లగుంట_కిరణ్
పోస్ట్‌పెయిడ్ కనెక్షన్. నెలకి 499, టాక్స్ వేరే. ఉండేది తిరుపతి కొర్లగుంట వైపు. రెండు నెలలుగా ఇంట్లో నెట్‌వర్క్ ఉన్నట్టే ఉంటాది, పోతాది. కొన్ని రోజులు రెండు మూడు గంటలు, కొన్నిసార్లు రాత్రి పోయిందంటే మర్నాడు మధ్యాహ్నం దాకా రాదు. బ్యాంకు ఓటీపీ రాదు. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ అని చెప్తాది, ఆమెకి కంగారు. కస్టమర్ కేర్‌కి ఎప్పుడు చేసినా "మీ ఏరియాలో అప్‌గ్రేడ్ పని జరుగుతోంది సార్, 48 గంటల్లో సరిపోతుంది" అదే పాట. బిల్లు మాత్రం ఒక్క రూపాయి తగ్గకుండా వచ్చింది.

లెటర్ రాసినా, చూసి చెప్పండి:

"మీ చెత్త సర్వీసు వల్ల నేను తీవ్ర మానసిక క్షోభ అనుభవించాను. ట్రాయ్ రూల్స్ ప్రకారం రెండు నెలల బిల్లు మొత్తం వాపసు చేసి, నష్టపరిహారంగా 25,000 రూపాయలు వారం లోపల చెల్లించాలి. లేకుంటే కోర్టుకి ఈడుస్తాను."

ఇది పంపేదా?

గంగజాతర_వేషం
క్షోభ అనే మాట దగ్గర ఒక ఆశ్చర్యార్థకం తగ్గింది బ్రో.

బాలాజీకాలనీ_బాబు
రూల్ ఉంది, నేను చదివినా. 24 గంటల పైన నెట్‌వర్క్ పోతే కంపెనీనే బిల్లులో తగ్గించాల. 2024లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చింది. నువ్వు లెటర్ రాయాల్సిన పనే లేదు, ఆటోమేటిక్. ట్రాయ్‌కి ఒక మెయిల్ కొట్టు, వాళ్ళే చూసుకుంటారు.

పుత్తూరు_పెద్దాయన
మోడెమ్ మీద ఎర్ర లైటు వెలుగుతుందా నాయనా? వెలిగితే ఫైబర్ ఎక్కడో తెగింది. మాకు అట్లే అయితే లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర అతికించి పోయినాడు. మూడు రోజులు దాటితే కనెక్షన్ నెల అద్దె తగ్గిస్తారు.

కొర్లగుంట_కిరణ్
పెద్దాయనా, ఇది బ్రాడ్‌బ్యాండ్ కాదు, చేతిలో మొబైల్ సంగతి. మోడెమ్ బాగానే ఉంది.

పుత్తూరు_పెద్దాయన
అట్లనా. మూడు రోజుల మాట ల్యాండ్‌లైన్‌కి కరెక్టే, మొబైల్ సంగతి పిల్లోళ్ళు చెప్తారు.

ఏడుకొండల_సిగ్నల్
నెట్‌వర్క్ మెయింటెనెన్స్‌లో చాలా ఏళ్ళు చేసి బయటికొచ్చినోడిని. ఏ కంపెనీ అనేది వదిలేయండి.

బాబు చెప్పిన రూల్ నిజమే, సగమే చెప్పినాడు. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న క్వాలిటీ రెగ్యులేషన్స్‌లో ఉంది. కానీ ఆ 24 గంటలు ఒక ఇంటికో ఒక టవర్‌కో కాదు, జిల్లా స్థాయి అంతరాయానికి. జిల్లాలో పెద్ద ఎత్తున 4 గంటల పైన సర్వీసు ఆగితే కంపెనీ ట్రాయ్‌కి చెప్పుకోవాల. 24 గంటలు దాటితే ఆ జిల్లాలో రిజిస్టర్ అయిన పోస్ట్‌పెయిడ్ వాళ్ళకి అద్దె తగ్గించాల, ప్రీపెయిడ్ వాళ్ళకి వ్యాలిడిటీ పెంచాల. ప్రకృతి వైపరీత్యం వల్ల అయితే అదీ లేదు. తుఫాను వచ్చి స్వర్ణముఖి పొంగిన రోజు అడిగితే లెక్కలోకి రాదు.

కిరణ్ సంగతి కొర్లగుంటలో ఒక టవర్. "ట్రాయ్ రూల్స్ ప్రకారం" అని రాస్తే అవతల కూర్చున్న పిల్లోడు ఒక్క లైన్‌లో కొట్టేస్తాడు: "మీ జిల్లాలో అలాంటి అంతరాయం నమోదు కాలేదు." ఫైలు మూసేస్తాడు. ఆ మాట తీసేయ్.

ఇంగ ట్రాయ్‌కి మెయిల్ కొట్టు అన్నది. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు తీర్చదు, ఆపరేటర్‌కి పంపి ఊరుకుంటాది.

బాలాజీకాలనీ_బాబు
అయితే ఒక్క ఇంటోడికి హక్కే లేదంటావా? మరి రూల్ ఎందుకు?

ఏడుకొండల_సిగ్నల్
ఆటోమేటిక్‌గా వచ్చే హక్కు లేదన్నా, అడిగే హక్కు లేదనలా. డబ్బు తీసుకుని సర్వీసు ఇవ్వకపోతే అది సేవాలోపం. దాని మీద అడగొచ్చు. కాకపోతే నిరూపించేది నువ్వే.

టవర్లు ఎంతసేపు పడిపోవచ్చు అనేదానికి 2 శాతం అని ఒక హద్దు ఉండాది. అది మొత్తం సర్కిల్‌కి సగటు. ఆంధ్ర, తెలంగాణ కలిపి ఒకటే సర్కిల్. వేల టవర్ల సగటులో మీ వీధి టవర్ నెలంతా పడుకున్నా కనపడదు. అందుకే కంపెనీ వాళ్ళు ధైర్యంగా "మా పారామీటర్లన్నీ పరిధిలో ఉన్నాయి" అంటారు. అబద్ధం చెప్పరు, నీకు పనికిరాని నిజం చెప్తారు.

గంగజాతర_వేషం
ఊరంతటికీ సగటున ఒక లడ్డూ అందింది, నీకు అందలేదంటే అది నీ ఖర్మ.

చిత్తూరు_లాయరమ్మ
25,000 మాట ఇప్పుడే వద్దు. తర్వాత అవసరమైతే వినియోగదారుల కమిషన్‌లో అడుక్కోవచ్చు. మొదటి లెటర్‌లోనే పెద్ద అంకె కనపడితే వాళ్ళు దాన్ని లీగల్ డిపార్ట్‌మెంట్‌కి తోస్తారు, బిల్లింగ్ మనిషి దాన్ని ముట్టుకోడు. బిల్లింగ్ మనిషి తన చేత్తో ఇవ్వగలిగినంత అడగండి.

కొర్లగుంట_కిరణ్
సరే. నిరూపించేది ఎట్ల? రాసి పెట్టుకున్నా, తేదీ టైము ఉండాయి.

ఏడుకొండల_సిగ్నల్
అది ఉంటే సగం పని అయింది. ఇంగ నాలుగు సంగతులు చెప్పు.

పోయినప్పుడు మిద్దె మీదికి పోతే వస్తాందా? ఫోన్ పైన "నో సర్వీస్" అని ఉంటాదా, "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని ఉంటాదా? పక్కింట్లో అదే కంపెనీ సిమ్ ఉన్నోళ్ళకి కూడా పోతాందా? పోయిన టైముకి కరెంటు ఉందా, లేదా?

కొర్లగుంట_కిరణ్
మిద్దె మీద కూడా రాదు. "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అనే ఉంటాది. పక్కింటి వాళ్ళకీ పోతాది, ఎదురింట్లో వేరే కంపెనీ వాళ్ళకి బ్రహ్మాండంగా ఉంటాది. కరెంటు సంగతి గమనించలా.

అవిలాల_సుధ
మా అక్కోళ్ళు కొర్లగుంటలోనే, అదే కంపెనీ. సాయంత్రం కరెంటు పోయిన కాసేపటికి సిగ్నల్ పోతాదని అక్క ఎప్పుడూ అంటాది. కరెంటు వచ్చినాక మళ్ళీ వస్తాది. కానీ పోయిన నెల ఒకటి రెండుసార్లు కరెంటు ఉండగానే పోయి పూటంతా రాలేదంట, అప్పుడు వీధిలో డ్రైనేజీకి తవ్వుతా ఉండినారు.

ఏడుకొండల_సిగ్నల్
సుధమ్మ చెప్పిన దాంట్లోనే మొత్తం ఉండాది.

"ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అంటే నీ ఫోన్‌కి వేరే కంపెనీ టవర్ కనపడతాంది, నీ కంపెనీది కనపడలా. అంటే ఫోన్ బాగుంది. మిద్దె మీద కూడా రాలేదంటే గోడల సమస్య కాదు. గోడల సమస్య అయితే మిద్దె మీద రెండు గీతలన్నా రావాల. వాళ్ళు మొదట చెప్పే సాకు "ఇండోర్ కవరేజ్ సార్, మీ బిల్డింగ్ వల్ల" అని. ఆ సాకు ఇక్కడితో పోయింది.

చిన్న కోతలకి కారణం టవర్ దగ్గర బ్యాటరీ. కరెంటు పోతే బ్యాటరీ మీద నడవాల, అది పాతబడితే గంటలు నిలవాల్సింది నిమిషాల్లో కూర్చుంటాది. జనరేటర్ లేని సైట్ అయితే అంతే సంగతి. పెద్ద కోతలకి, కరెంటు ఉండగా పోయినదానికి, తవ్వకంలో ఫైబర్ తెగి ఉంటాది. అతికించేదానికి మనిషి వచ్చే దాకా టవర్ నిలబడి ఉన్నా ఉపయోగం లేదు. ఇది నా అంచనా. వాళ్ళ కంట్రోల్ రూములో మాత్రం ప్రతి సైట్‌కి కరెంటు ఎప్పుడు పోయింది, సైట్ ఎప్పుడు పడింది, ఎప్పుడు లేచింది అని అలారం రికార్డు నిమిషాలతో సహా ఉంటాది. లెటర్‌లో "నా లెక్కని మీ సైట్ అలారం రికార్డుతో పోల్చి చూడండి" అని ఒక్క వాక్యం రాయి. చదివేవాడికి ఇతనికి తెలుసు అని అర్థమవుతాది.

ఇప్పటి నుంచి పోయిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తియ్. పైన టైము, "ఎమర్జెన్సీ" అనే మాట రెండూ పడాల. పక్కన కరెంటు ఉందా లేదా రాసుకో.

నగరి_నాగ
మా కథ వినండి. నగరిలో ఇంట్లో కూర్చుంటే ఫోన్ తమిళనాడు టవర్ పట్టుకుంటాది. "వెల్కమ్ టు తమిళనాడు" అని మెసేజ్. మా టవర్ పోయినా ఫోన్‌లో గీతలుంటాయి కాబట్టి కంప్లైంట్ చేస్తే "మీ సిగ్నల్ బాగుంది సార్" అంటారు. కాల్ చేస్తే సగంలో కట్. మరి నాది ఏ జిల్లా అంతరాయం?

గంగజాతర_వేషం
నాగన్నా, నీకు రెండు ప్రభుత్వాలూ సిగ్నల్ ఇస్తా ఉంటే ఇంకా ఏడుపేంది.

ఏడుకొండల_సిగ్నల్
నాగా, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఆటోమేటిక్ తీసేసి మన సర్కిల్‌ది చేత్తో ఎంచుకుని చూడు. అప్పుడు మన టవర్ పోతే పోయినట్టే కనపడతాది, రాసుకునేదానికి పనికొస్తాది. జిల్లా సంగతి అడిగితే రూల్‌లో రిజిస్టర్ అయిన జిల్లా అనే ఉండాది, నువ్వు కూర్చున్న టవర్ కాదు. బార్డర్‌లో దాన్ని వాళ్ళు ఎట్ల లెక్కేస్తారో నేను చూళ్ళా.

బాలాజీకాలనీ_బాబు
కిరణ్, ఇవన్నీ ఎందుకు, బిల్లు కట్టకు. కట్టకపోతే వాళ్ళే కాళ్ళ బేరానికొస్తారు.

చిత్తూరు_లాయరమ్మ
దయచేసి ఆ పని చెయ్యొద్దు. కట్టకపోతే మీరు బాకీదారు, వాళ్ళు బాధితులు. లేట్ ఫీజు పడుతుంది, అవుట్‌గోయింగ్ ఆపుతారు. పైగా రేపు విసిగిపోయి వేరే కంపెనీకి పోర్ట్ అవుదామంటే, గడువు దాటిన బాకీ ఉందని పోర్టింగ్ కోడే రాదు. పూర్తిగా కట్టండి, లెటర్‌లో "అభ్యంతరంతో చెల్లించాను" అని రాయండి. ఆ రసీదు తర్వాత పనికొస్తుంది.

అవిలాల_సుధ
పోర్ట్ అయిపోతే సరిపోయె కదా? 1900కి మెసేజ్ పెట్టేదే.

కొర్లగుంట_కిరణ్
ఆఫీసు నంబరు అక్కా, కంపెనీ వాళ్ళ గ్రూప్ ప్లాన్‌లో ఉంది. అంత సులువుగా కదలదు. పైగా కట్టిన డబ్బు సంగతి తేలాల కదా.

ఎంత అడగాలో చెప్పండి. పెద్ద కోతలు ఆరు, అన్నీ కలిపి 88 గంటలు. చిన్నవి అన్నీ కలిపి 44 గంటలు. ఇది పోయిన బిల్లు నెలది. అంతకు ముందు నెల సరిగ్గా రాసుకోలా.

బాలాజీకాలనీ_బాబు
12 గంటలు దాటితే రోజు కింద లెక్క అని కూడా ఆ రూల్‌లోనే ఉంది. ఆరు రోజులు అడుగు.

ఏడుకొండల_సిగ్నల్
ఉంది. అయితే ఒకే క్యాలెండర్ రోజులో 12 దాటాల. కిరణ్, ఆ ఆరింటి టైములు పెట్టు.

కొర్లగుంట_కిరణ్
రెండు పెడతా. 8వ తేదీ రాత్రి 9:40కి పోయి 9న మధ్యాహ్నం 1:15కి వచ్చింది. 17న సాయంత్రం 6:30కి పోయి 18న పొద్దున 9:10కి వచ్చింది.

ఏడుకొండల_సిగ్నల్
చూడు. మొదటిది 9వ తేదీన 13 గంటల పైన ఉంది, ఒక రోజు కింద నిలబడతాది. రెండోది మొత్తం 14 గంటల 40 నిమిషాలు. కానీ 17న ఐదున్నర గంటలు, 18న తొమ్మిది గంటల చిల్లర. ఏ రోజూ 12 దాటలా, కాబట్టి సున్నా. అర్ధరాత్రి గీత అట్ల కోస్తాది. ఆ కొలబద్ద పట్టుకుంటే నీ పెద్ద కోతల్లో కొన్ని జారిపోతాయి, చిన్నవైతే ఒక్కటీ నిలవదు.

జిల్లా రూల్ నీకు ఎట్లాగూ వర్తించదు కాబట్టి దాని కొలబద్దకి నువ్వు కట్టుబడాల్సిన పని లేదు. గంటలు లెక్కేసి అడుగు. 132 గంటలు అంటే ఐదున్నర రోజులు. 499ని 30తో భాగించి ఐదున్నరతో హెచ్చిస్తే 91 రూపాయల 48 పైసలు. దాని మీద నువ్వు కట్టిన 18 శాతం జీఎస్టీ 16 రూపాయల 47 పైసలు. మొత్తం 107 రూపాయల 95 పైసలు.

గంగజాతర_వేషం
107 రూపాయల కోసం ఇంత పురాణమా! కొండ మీద రెండు లడ్డూలు కొంటే చిల్లర ఏడు మిగుల్తాది.

కొర్లగుంట_కిరణ్
నాకు లడ్డూ కాదు, వాళ్ళు పోయిందని ఒప్పుకోవడం కావాల.

చిత్తూరు_లాయరమ్మ
జీఎస్టీ కలిపి అడగడంలో తప్పు లేదు, కానీ గుడ్‌విల్ కింద ఇస్తే టాక్స్ వేరుగా ఇవ్వం అంటారు. మా క్లయింట్ ఒకరికి అట్లే అన్నారు. క్రెడిట్ నోట్ రూపంలో ఇవ్వమని రాయండి, అంటే బిల్లు ఇంత తగ్గించామని వాళ్ళిచ్చే కాగితం, అప్పుడు టాక్స్ కూడా తగ్గించి చూపించాలి.

ఏడుకొండల_సిగ్నల్
నాకు తెలిసి బిల్లింగ్ వాళ్ళు క్రెడిట్ నోట్ అంటే నెల తిప్పుతారు. బిల్లులో సర్దుబాటు చాలు.

చిత్తూరు_లాయరమ్మ
నెల తిప్పితే తిప్పనీండి, కాగితం ఉంటుంది.

కొర్లగుంట_కిరణ్
మళ్ళీ రాసినా:

"నా పోస్ట్‌పెయిడ్ నంబరు, ఖాతా నంబరు, ఇంటి చిరునామా పైన ఇచ్చాను. గత బిల్లు నెలలో మా ఇంటి దగ్గర మీ నెట్‌వర్క్ మొత్తం 132 గంటలు అందుబాటులో లేదు. తేదీలు, సమయాల పట్టిక, స్క్రీన్‌షాట్లు జత చేస్తున్నాను. ఆ సమయాల్లో మిద్దె మీద కూడా సిగ్నల్ లేదు, ఫోన్‌లో ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ అని కనిపించింది, పక్కింటి మీ వినియోగదారులకూ అదే పరిస్థితి. కాబట్టి ఇది ఫోన్ సమస్యో, భవనం సమస్యో కాదు.

కస్టమర్ కేర్ ఇచ్చిన డాకెట్ నంబర్లు కింద ఉన్నాయి. ప్రతిసారీ అప్‌గ్రేడ్ అని చెప్పి మూసేశారు.

నా కోరికలు రెండు. ఒకటి, అందని 132 గంటలకు అద్దెలో 91.48 రూపాయలు, దానిపై జీఎస్టీ 16.47, మొత్తం 107.95 రూపాయలు వచ్చే బిల్లులో తగ్గించి క్రెడిట్ నోట్ ఇవ్వండి. రెండు, నా పట్టికను మీ సైట్ అలారం రికార్డుతో పోల్చి, అంతరాయాలకు కారణం ఏమిటో, బ్యాటరీ బ్యాకప్, ఫైబర్ విషయంలో ఏం చేశారో రాతపూర్వకంగా తెలపండి.

బిల్లు గడువులోపే అభ్యంతరంతో పూర్తిగా చెల్లించాను."

గంగజాతర_వేషం
క్షోభ పోయింది. నాకు బాధగా ఉంది.

ఏడుకొండల_సిగ్నల్
బాగుంది. ఇప్పుడు దీన్ని 198కో, వాళ్ళ యాప్‌లోనో ఫిర్యాదు కింద పెట్టు. డాకెట్ నంబరు తప్పకుండా తీసుకో. పాత డాకెట్లు నెట్‌వర్క్ మీదవి, బిల్లు తగ్గింపు మీద ఒక కొత్త డాకెట్ ఉండాల. లేకపోతే పై మెట్టు ఎక్కనియ్యరు.

నగరి_నాగ
నెట్‌వర్క్ లేనోడు 198కి ఎట్ల చేస్తాడు సామీ?

ఏడుకొండల_సిగ్నల్
వైఫై మీద యాప్‌లో. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోన్‌లో వైఫై కాలింగ్ కూడా ఆన్ చేసుకో కిరణ్, టవర్ పోయినా అమ్మ ఫోన్ వస్తాది. చాలా ఫోన్లలో ఓటీపీ మెసేజ్‌లు కూడా దాని మీదే దిగుతాయి. అది ఆన్‌లో ఉందని సమస్య లేదని వాళ్ళంటారు. ఒప్పుకోకు, బ్రాడ్‌బ్యాండ్ డబ్బు నీ జేబులోది.

చిత్తూరు_లాయరమ్మ
జవాబు నచ్చకపోతే, లేదా జవాబే రాకపోతే, ఆ కంపెనీ అప్పీలేట్ అథారిటీకి 30 రోజుల్లో అప్పీలు. ఫీజు లేదు, మెయిల్‌లో పంపొచ్చు, 39 రోజుల్లో తేల్చాలి. అది కంపెనీ మనిషే కానీ పక్కన ఉండే సలహా కమిటీలో వినియోగదారుల సంఘం తరఫున ఒకరుంటారు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మొబైల్ గొడవలు అక్కడ చెల్లవని కంపెనీలు వాదిస్తా ఉండినాయి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెల్లుతాయని తేల్చేసింది. మీరు ఉండే ఊళ్ళోనే వెయ్యొచ్చు.

బాలాజీకాలనీ_బాబు
107 రూపాయలకి కమిషనా?

చిత్తూరు_లాయరమ్మ
అక్కడ నష్టపరిహారం, ఖర్చులు కలిపి అడుగుతారు. అయినా తిరిగే ఓపిక ఉండాలి. నేనైతే అప్పీలు దగ్గర ఆగమంటాను, ఇది లాయర్ చెప్పకూడని మాట.

కొర్లగుంట_కిరణ్
అప్‌డేట్. జవాబొచ్చింది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తూ గుడ్‌విల్‌గా 100 రూపాయలు వచ్చే బిల్లులో సర్దుబాటు చేస్తున్నాము. మీ ప్రాంతంలో నెట్‌వర్క్ పారామీటర్లు పరిధిలో ఉన్నాయి." క్రెడిట్ నోట్ లేదు. బ్యాటరీ గురించి ఒక్క ముక్క లేదు.

గంగజాతర_వేషం
సరిగ్గా రెండు లడ్డూలు!

ఏడుకొండల_సిగ్నల్
చూసినావా, పరిధి. డబ్బు మాట వదిలేసి, రెండో కోరికకి జవాబు ఇవ్వలేదని మాత్రమే అప్పీలు పెట్టు. ఒక సైట్ నెలలో మొత్తం 24 గంటలు దాటి పడితే అది వాళ్ళ లెక్కల్లోనే బాగా దెబ్బతిన్న సైట్ల కింద పడాల. నీది 132. మా సైట్ ఆ జాబితాలో ఉందా అని అడుగు. అవునన్నా కాదన్నా వాళ్ళకి ఇబ్బందే.

చిత్తూరు_లాయరమ్మ
100 తీసుకున్నట్టు, పూర్తి పరిష్కారంగా మాత్రం ఒప్పుకోవట్లేదని ఒక లైన్ మెయిల్ పెట్టండి ముందు.

అవిలాల_సుధ
అక్క చెప్పింది, మొన్న కరెంటు పోయినప్పుడు సిగ్నల్ పోలేదంట. బ్యాటరీ మార్చినారేమో?

ఏడుకొండల_సిగ్నల్
కరెంటు ఎంతసేపు పోయింది?

అవిలాల_సుధ
ఇరవై నిమిషాలు.

ఏడుకొండల_సిగ్నల్
దాంతో ఏమీ తెలీదు. రెండు గంటల కోత రానీ. కిరణ్, రాసుకునేది ఆపొద్దు.

బాలాజీకాలనీ_బాబు
నాది ప్రీపెయిడ్. నేను ఏం అడగాల, రోజులు పెంచమనా, డబ్బులా?